పాస్‌పోర్ట్ కంపెనీ దగ్గర ఉన్నా జీతం కోసం ఫిర్యాదు చేయొచ్చు: యూఏఈలో దారి ఇదీ

ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్లలో చాలామంది "అన్నా, ఆ నంబర్లు, ఆ లెక్క మళ్లొక్కసారి చెప్పు, రాసుకుంటాం" అని వాయిస్ మెసేజ్‌లు పెట్టారు. అందుకే ఆ ఎపిసోడ్‌లో మాట్లాడినదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. నేను షార్జాలో ఒక టైపింగ్ సెంటర్‌లో పనిచేస్తాను. వీసా కాగితాలు, లేబర్ కాగితాలు టైప్ చేయడమే నా రోజువారీ పని. నేను వకీలును కాదు. కానీ ఈ ఫిర్యాదులు ఎక్కడ ముందుకు పోతాయో, ఎక్కడ ఆగిపోతాయో రోజూ కౌంటర్ ఇవతలి నుంచి చూస్తుంటాను.

ఇక్కడ రాసేది యూఏఈ గురించే. దుబాయ్, షార్జా, అబుదాబి, అజ్మాన్ లాంటి ఏడు ఎమిరేట్లకు వర్తిస్తుంది. సౌదీ, కువైట్, ఖతార్‌లో ఆఫీసులు వేరు, చట్టాలు వేరు. అక్కడివాళ్లు ఈ నంబర్లు వాడొద్దు.

ఎపిసోడ్‌లో జగిత్యాల జిల్లా తమ్ముడొకరు ఫోన్లో అడిగిన మాట ఇది:

"అన్నా, మూడు నెలల సంది జీతం ఇస్తలేడు. రేపు, మాపు అంటుండు. గట్టిగ అడుగుదామంటే పాస్‌పోర్ట్ వాళ్ల దగ్గరనే ఉన్నది. ముందుగాల పాస్‌పోర్ట్ చేతికొస్తే గద అన్నా, కేసు పెట్టేది?"

నేను చెప్పిన జవాబు: "కాదు తమ్ముడూ. పాస్‌పోర్ట్ చేతికి రాకముందే పెట్టొచ్చు. పాస్‌పోర్ట్ ఇవ్వట్లేదన్న మాట కూడా అదే ఫిర్యాదులో రాయొచ్చు."

ఈ రెండు ముక్కల్లోనే అసలు విషయం ఉంది. పాస్‌పోర్ట్ పట్టుకున్న యజమానికి చట్టం ఇచ్చిన బలమేమీ లేదు. అది లేకుండా ఏమీ చేయలేమని మనం అనుకోవడమే అతని బలం. అలా అనుకుని నెలలు గడిపేస్తాం, బాకీ పెరుగుతుంది, చివరికి విసిగిపోయి క్యాంపు వదిలి వెళ్లిపోతాం. అక్కడితో తప్పు మన మీదకు వస్తుంది.

పాస్‌పోర్ట్ ఎవరిది?

మన పాస్‌పోర్ట్ కంపెనీది కాదు. నిజానికి మనది కూడా కాదు, భారత ప్రభుత్వానిది. 1967 నాటి మన పాస్‌పోర్ట్ చట్టం 17వ సెక్షన్‌లో ఆ మాట స్పష్టంగా ఉంది. మన పేరు మీద ఇచ్చారు, మన దగ్గర ఉండాలి, అంతే. కాబట్టి ఇంకొకరు దాన్ని తాకట్టు సామాను లాగా పెట్టుకోవడానికి లేదు.

యూఏఈ చట్టం కూడా అదే చెబుతుంది. ఇప్పుడు నడుస్తున్న లేబర్ చట్టం 2021లో వచ్చిన 33వ నంబర్ చట్టం. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. కార్మికుడి అధికారిక కాగితాలు యజమాని పట్టుకోకూడదని, పని అయిపోయాక దేశం వదిలి పొమ్మని బలవంతపెట్టకూడదని అందులో రాసి ఉంది. ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకు, డ్రైవర్లకు, వంటవాళ్లకు వేరే చట్టం, 2022లో వచ్చిన 9వ నంబర్ చట్టం. అందులో కూడా పాస్‌పోర్ట్, ఐడీ పనివాళ్ల దగ్గరే ఉండాలని ఉంది.

మరి కంపెనీ వాళ్లు ఏం చెప్తారు? మూడు మాటలు ఎక్కువగా వింటుంటాను. ఒకటి, "వీసా స్టాంపింగ్ కోసం కావాలి" అని. 2022 నుంచి పాస్‌పోర్ట్‌లో వీసా స్టిక్కర్ అతికించడం మానేశారు. ఇప్పుడు మన ఎమిరేట్స్ ఐడీయే, మనవాళ్లు పతాకా అంటారు కదా, అదే రెసిడెన్సీకి రుజువు. ఏదో పనికి ఒకటి రెండు రోజులు మందూబ్ తీసుకున్నాడంటే సరే, సంవత్సరాల తరబడి పెట్టుకోవడానికి ఆ సాకు చెల్లదు. రెండో మాట, "భద్రంగా ఉంటుందని నువ్వే సంతకం పెట్టి ఇచ్చావు" అని. ఇష్టంతో దాచమని ఇచ్చినా సరే, తిరిగి అడిగిన రోజు ఇచ్చేయాలి. మూడో మాట, "వీసా ఖర్చు కట్టి పాస్‌పోర్ట్ తీసుకుపో" అని. మనల్ని తెచ్చుకోవడానికి అయిన ఖర్చు యజమానే భరించాలి, మన దగ్గర నేరుగా గానీ చుట్టుతిప్పి గానీ వసూలు చేయకూడదు. ఇది కూడా అదే లేబర్ చట్టంలో ఉంది.

కానీ ఈ వాదన ఆఫీసు గుమ్మంలో నిలబడి చేస్తే లాభం లేదు. రాతపూర్వకంగా ఒక్కసారి అడగండి. మందూబ్‌కో హెచ్ఆర్‌కో వాట్సాప్‌లో హిందీలోనో ఇంగ్లీషులోనో మూడు లైన్లు చాలు: నా పాస్‌పోర్ట్ ఫలానా తారీఖు నుంచి మీ దగ్గర ఉంది, నాకు తిరిగి ఇవ్వండి, ఫలానా నెలల జీతం రాలేదు, ఎప్పుడు ఇస్తారో చెప్పండి. కోపం మాటలు, బెదిరింపులు వద్దు. బ్లూ టిక్ పడితే దాన్ని స్క్రీన్‌షాట్ తీయండి. "ఇస్తాం, కొంచెం ఆగు" అని వాళ్లు జవాబిస్తే మీకు ఇంకా మంచిది. పాస్‌పోర్ట్ వాళ్ల దగ్గర ఉందని, జీతం బాకీ ఉందని వాళ్లే ఒప్పుకున్నట్టు అవుతుంది.

ఫిర్యాదుకు ఏం కావాలి?

ఫిర్యాదు తీసుకునేది మానవ వనరుల మంత్రిత్వ శాఖ. ఇక్కడ అందరూ మోహ్రే అంటారు. కార్మికుల ఫిర్యాదుల కోసం ఫోన్ నంబర్ 80084. యాప్ ద్వారా కూడా పెట్టొచ్చు, ఫోన్‌లో MOHRE అని వెతికితే వస్తుంది. సైట్ mohre.gov.ae. యాప్‌లోకి వెళ్లడానికి UAE PASS కావాలి. ఇంగ్లీషు రానివాళ్లు ఫోన్ చేసి హిందీలో మాట్లాడొచ్చు. ఫిర్యాదు పెట్టడానికి మోహ్రేకు ఫీజు కట్టక్కర్లేదు. ఎవరైనా "ఫిర్యాదు పెట్టిస్తా, ఐదొందలు ఇవ్వు" అంటే నమ్మకండి.

కావలసినవి ఎమిరేట్స్ ఐడీ నంబర్, లేబర్ కార్డు నంబర్, పాస్‌పోర్ట్ నంబర్, మీ ఫోన్ నంబర్. చూడండి, పాస్‌పోర్ట్ నంబర్ కావాలి కానీ పాస్‌పోర్ట్ పుస్తకం కాదు. ఫోన్లో ఫొటో ఉంటే సరిపోతుంది. ఫొటో లేకపోతే ఊర్లో ఏజెంట్‌కు ఇచ్చిన జిరాక్స్ ఇంట్లో ఉంటుంది, అమ్మకో తమ్ముడికో చెప్పి వాట్సాప్‌లో తెప్పించుకోండి. లేబర్ కార్డు, కాంట్రాక్టు మోహ్రే యాప్‌లోనే కనిపిస్తాయి. కాంట్రాక్టులో బేసిక్ ఎంత, మొత్తం ఎంత అని విడివిడిగా ఉంటుంది. ఆ రెండు అంకెలు రాసి పెట్టుకోండి, కింద లెక్కలో పనికొస్తాయి.

తర్వాత జీతం రుజువు. 2009 నుంచి యూఏఈలో జీతాలు డబ్ల్యూపీఎస్ అనే పద్ధతిలో పడాలి. కంపెనీ బ్యాంకు ద్వారానో ఎక్స్ఛేంజ్ కార్డు ద్వారానో వేస్తే, ఆ వివరం మోహ్రేకు తెలుస్తుంది. కాబట్టి కంపెనీ జీతం వేయకపోతే "నాకు జీతం రాలేదు" అని మీరు ఒక్కరే చెప్పాల్సిన అవసరం లేదు, వాళ్ల కంప్యూటర్‌లోనే ఖాళీ కనిపిస్తుంది. మీరు చేయాల్సింది కార్డు స్టేట్‌మెంట్ తీసుకోవడం. జీతం నెల తిరిగాక ఒకటో తారీఖు నుంచే బాకీ. రెండు వారాలు గడిచినా పడలేదంటే ఇక ఆగాల్సిన పని లేదు.

ఇక్కడే ఒక మోసం జరుగుతుంది. కొన్ని కంపెనీలు కార్డులో జీతం వేస్తాయి, డ్రా చేసిన వెంటనే ఫోర్‌మన్ గేటు దగ్గర నిలబడి సగం నగదు వెనక్కి తీసుకుంటాడు. రికార్డులో జీతం పూర్తిగా పడినట్టే ఉంటుంది. అలాంటప్పుడు స్టేట్‌మెంట్ మీకు సాయం చేయదు. ఎప్పుడు ఎంత ఇచ్చారో తారీఖుతో రాసుకోండి, ఫోర్‌మన్ పంపిన మెసేజ్‌లు దాచండి, అలాగే ఇచ్చిన తోటివాళ్లు సాక్ష్యం చెప్తారేమో అడగండి. ఇంకో రకంలో ఏటీఎం కార్డే కంపెనీ దగ్గర పెట్టుకుంటారు. అది కూడా ఫిర్యాదులో చెప్పాల్సిన మాటే.

ఒక కేసు మొదటి నుంచి చివరి వరకు

పేరు, ఊరు అక్కర్లేదు. నా సెంటర్‌కు వచ్చిన ఒక తమ్ముడి కేసు. క్లీనింగ్ కంపెనీలో పని. కాంట్రాక్టులో బేసిక్ 900 దిర్హమ్‌లు, అలవెన్సులతో కలిపి 1400. చేరి రెండేళ్ల ఐదు నెలలు దాటింది. జనవరి, ఫిబ్రవరి, మార్చి జీతాలు రాలేదు. పాస్‌పోర్ట్ దిగిన రోజునే మందూబ్ తీసుకున్నాడు. తమ్ముడికి ఆ కంపెనీలో ఇక ఉండాలని లేదు.

ఏప్రిల్ మొదటి వారంలో 80084కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాడు. మూడు నెలల జీతం, పాస్‌పోర్ట్ రెండూ చెప్పాడు. ఇంకో మాట కూడా చెప్పాడు: జీతం ఇవ్వనందుకు పని మానేయాలనుకుంటున్నాను అని. ఇది చాలా ముఖ్యం. యజమాని తన బాధ్యత తప్పితే నోటీసు ఇవ్వకుండా పని మానేసే హక్కు చట్టం 45వ ఆర్టికల్ ఇస్తుంది. కానీ షరతు ఉంది. మానేయడానికి కనీసం 14 పని దినాల ముందు మోహ్రేకు తెలియజేయాలి, మోహ్రే చెప్పినా యజమాని సరిచేయకపోతేనే ఆ హక్కు దక్కుతుంది. చెప్పకుండా మానేస్తే మీరు ఎంత కష్టంలో ఉన్నా కాగితం మీద అది పని వదిలి పారిపోవడమే.

ఫిర్యాదు నంబర్ మెసేజ్‌లో వచ్చింది. ఏప్రిల్ నెలంతా అతను రోజూ పనికి వెళ్లాడు. చేతులెత్తేసి గదిలో కూర్చోలేదు. ఎందుకంటే ఏడు రోజులకు మించి వరసగా కనబడకపోతే కంపెనీ "పని వదిలేసి పోయాడు" అని రిపోర్ట్ పెట్టొచ్చు. మనవాళ్లు కల్లివెల్లి అంటారు కదా, అదే. ఆ రిపోర్ట్ పడితే బాకీదారు కంపెనీ అయినా తప్పించుకు తిరిగేది మనం అవుతాం. ఫిర్యాదు ముందే రికార్డులో ఉంటే, ఆ తర్వాత కంపెనీ పెట్టే రిపోర్ట్‌కు జవాబు చెప్పడానికి మీ చేతిలో ఒక నంబరు, తారీఖు ఉంటాయి. అందుకే కోపం వచ్చినా ముందు ఫిర్యాదు, తర్వాతే ఇంకేదైనా.

మోహ్రే సలహాదారు ఇద్దరికీ ఫోన్ చేసి మాట్లాడాడు. రాజీ కోసం 14 రోజుల గడువు ఉంటుంది. కంపెనీ వాళ్లు "ప్రాజెక్టు డబ్బు రాలేదు" అన్నారు. అది కార్మికుడి సమస్య కాదు, జీతం ఇవ్వడానికి ఆ సాకు పనికిరాదు. పాస్‌పోర్ట్ గురించి అడిగితే ఏమీ వాదించకుండా ఇస్తామన్నారు. చాలా కేసుల్లో ఇలాగే జరుగుతుంది. మనం అడిగినప్పుడు ఏడాది పాటు దొరకని పాస్‌పోర్ట్, సర్కారు మనిషి అడిగితే బీరువాలోనే దొరుకుతుంది.

అప్పుడు లెక్క వేశాం. ఇది మీరు కూడా మీ అంకెలతో వేసుకోవచ్చు.

ఏప్రిల్ చివర పని మానేస్తాడు కాబట్టి జనవరి నుంచి ఏప్రిల్ వరకు నాలుగు నెలల జీతం, నెలకు 1400 చొప్పున 5600. తర్వాత గ్రాట్యుటీ. ఏడాది నిండితే వస్తుంది, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున. 900ను 30తో భాగిస్తే రోజుకు 30, అంటే ఏడాదికి 630. ఏప్రిల్ చివరికి రెండున్నరేళ్లు కాబట్టి 1575. తర్వాత వాడుకోని సెలవు 30 రోజులు, అది కూడా బేసిక్ మీదే, 900. మొత్తం 8075 దిర్హమ్‌లు. చూడండి, గ్రాట్యుటీ, సెలవు రెండూ బేసిక్ మీదే లెక్కిస్తారు. 1400 మీద వేసుకుని ఎక్కువ అడిగితే సలహాదారు దగ్గర మన మాట బలహీనపడుతుంది.

రాజీ ఇలా కుదిరింది. వెంటనే 2800, పాస్‌పోర్ట్. మిగిలిన 5275 పని ముగిసిన 14 రోజుల్లోపు. ఆ 14 రోజులు చట్టంలో ఉన్న గడువే, ఒప్పందం ముగిసినప్పుడు అన్ని బకాయిలూ ఆ లోపల ఇవ్వాలి. 2800, పాస్‌పోర్ట్ అదే వారం వచ్చాయి. మే నెల మధ్యలో రావాల్సిన 5275 రాలేదు.

ఇక్కడ చాలామంది నీరసపడి వదిలేస్తారు. కానీ చట్టం మారింది. 2024 జనవరి నుంచి 50,000 దిర్హమ్‌ల లోపు వివాదాల్లో మోహ్రే తానే తీర్పు లాంటి నిర్ణయం ఇవ్వగలదు. మోహ్రే ముందు కుదిరిన రాజీని కంపెనీ తప్పితే, మొత్తం ఎంతైనా సరే నిర్ణయం ఇవ్వగలదు. ఆ నిర్ణయానికి కోర్టు డిక్రీకి ఉన్నంత బలం ఉంటుంది. నచ్చనివాళ్లు 15 పని దినాల్లోపు మొదటి కోర్టులో సవాలు చేయొచ్చు. లేదంటే అదే ఖాయం. అంతకుముందు వెయ్యి దిర్హమ్‌ల కేసైనా రాజీ కుదరకపోతే కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చేది.

తమ్ముడు రాజీ తప్పారని మోహ్రేకు చెప్పాడు. నిర్ణయం అతని వైపు వచ్చింది. దాంతో కోర్టులో అమలు ఫైలు తెరిచాడు. అంటే ఇక "ఇవ్వాలా వద్దా" అనే వాదన అయిపోయింది, కంపెనీ ఖాతాల నుంచి వసూలు చేయడమే మిగిలింది. జూన్ చివర్లో 5275 వచ్చింది. ఫిర్యాదు నుంచి లెక్కేస్తే మూడు నెలలు. తొందరగా అయిందని నేను అనను. కానీ ఫిర్యాదు పెట్టకముందు కూడా మూడు నెలలు ఊరికే పోయాయి కదా.

50,000 దాటితే, లేదా మోహ్రే కోర్టుకు పంపితే, లేబర్ కోర్టులో కేసు నడుస్తుంది. లక్ష దిర్హమ్‌ల వరకు క్లెయిమ్‌కు కార్మికుడు కోర్టు ఫీజు కట్టక్కర్లేదు. ఈ వ్యవధిలో వేరే చోట పని చేయాలంటే మోహ్రే దగ్గర తాత్కాలిక పర్మిట్ తీసుకోండి. పర్మిట్ లేకుండా స్నేహితుడి దగ్గర పనికి వెళ్లి దొరికితే, జీతం కేసు పక్కకు పోయి మీ మీద కేసు ముందుకు వస్తుంది.

కంపెనీ మూతబడినా, యజమాని దేశం వదిలి పోయినా పూర్తిగా ఆశ వదులుకోవద్దు. ప్రతి కార్మికుడి మీదా కంపెనీ బ్యాంకు గ్యారంటీనో బీమానో చూపించాలి. బీమా ఉంటే ఒక్కొక్కరికి 20,000 దిర్హమ్‌ల వరకు బకాయి జీతానికి, గ్రాట్యుటీకి, ఇంటికి వెళ్లే టికెట్‌కు వాడతారు. దానికి కూడా దారి మోహ్రే ఫిర్యాదే.

పాస్‌పోర్ట్ అప్పటికీ ఇవ్వకపోతే

పై కేసులో పాస్‌పోర్ట్ తేలిగ్గా వచ్చింది. రాకపోతే రెండు చోట్లకు వెళ్లాలి. మొదటిది మన కాన్సులేట్. దుబాయ్, షార్జా, అజ్మాన్, ఉమ్మల్ ఖ్వైన్, రస్ అల్ ఖైమా, ఫుజైరా వాళ్లకు దుబాయ్‌లోని కాన్సులేట్, అబుదాబి వాళ్లకు రాయబార కార్యాలయం. వాళ్ల హెల్ప్‌లైన్ ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం, టోల్‌ఫ్రీ నంబర్ 800 46342. పగలూ రాత్రీ ఎత్తుతారు. అక్కడ ఉచితంగా న్యాయ సలహా కూడా ఇస్తారు. మోహ్రే ఫిర్యాదు నంబర్ చెప్తే వాళ్లు కంపెనీతో మాట్లాడటం తేలికవుతుంది. పాస్‌పోర్ట్ మన ప్రభుత్వ ఆస్తి కాబట్టి కాన్సులేట్ అడిగినప్పుడు ఆ అడుగుడుకు ఒక బరువుంటుంది. రెండోది కోర్టు. పాస్‌పోర్ట్ తిరిగి ఇమ్మని ఆదేశం కోరుతూ అక్కడి కోర్టుకు వెళ్లొచ్చు. దాని ఫారం గురించి సహాయతా కేంద్రంలోని వకీలును అడగండి.

ఇంట్లోవాళ్లు ఊరి నుంచి కూడా ఒక పని చేయొచ్చు. madad.gov.in లో ఫిర్యాదు నమోదు చేస్తే అది ఇక్కడి కాన్సులేట్‌కు వస్తుంది. తెలంగాణ వాళ్ల కోసం 2024 సెప్టెంబర్‌లో హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి మొదలైంది. ఆంధ్ర వాళ్లకు ఏపీఎన్‌ఆర్‌టీఎస్ ఉంది. ఊళ్లో నాయకుడి ఇంటి చుట్టూ తిరిగేకన్నా ఇవి నయం, ఫిర్యాదుకు ఒక నంబరు మిగులుతుంది.

ఒక్క పని మాత్రం చేయకండి. పాస్‌పోర్ట్ కంపెనీ దగ్గర ఉందని తెలిసి, "పోయింది" అని పోలీసులకు చెప్పి కొత్తది తీసుకుందామని కొందరు సలహా ఇస్తారు. అది అబద్ధపు రిపోర్ట్. రేపు కంపెనీ అదే పాస్‌పోర్ట్ తీసి బల్ల మీద పెడితే మీరు ఇరుక్కుంటారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఫలానా కంపెనీ దగ్గర ఉంది, ఇవ్వట్లేదు అని. ఇంటి దగ్గర ప్రాణం మీదకు వచ్చి వెంటనే వెళ్లాల్సి వస్తే, కాన్సులేట్ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇవ్వగలదు. మనవాళ్లు ఔట్‌పాస్ అంటారు. అది ఇండియాకు ఒక్కసారి వెళ్లడానికే. వెళ్లేముందు జీతం కేసు చూసుకోవడానికి నమ్మకమైన మనిషి పేర పవర్ ఆఫ్ అటార్నీ రాసి వెళ్లండి. లేకపోతే మీరు వెళ్లాక ఆ ఫైలును ముందుకు నడిపేవాళ్లు ఉండరు.

సంతకం విషయం

నా కౌంటర్ దగ్గర డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. వీసా క్యాన్సిల్ కాగితం మీద "నాకు రావాల్సినవన్నీ ముట్టాయి" అనే అర్థంలో ఒక వాక్యం ఉంటుంది. మందూబ్ "సంతకం పెట్టు, టికెట్, పాస్‌పోర్ట్, డబ్బు ఎయిర్‌పోర్ట్‌లో ఇస్తా" అంటాడు. సంతకం పెట్టాక ఎయిర్‌పోర్ట్‌లో టికెట్, పాస్‌పోర్ట్ మాత్రమే ఇస్తాడు. డబ్బు చేతికి రాకముందు, లేదా ఖాతాలో పడకముందు ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. పై కేసులో తమ్ముడు 5275 వచ్చేదాకా పెట్టలేదు. ఖాళీ కాగితం మీద సంతకం అడిగితే అసలే వద్దు. ఏం రాసి ఉందో తెలియకపోతే ఫొటో తీసి, చదివించుకుని, రేపు పెడతానని చెప్పండి. రేపు అన్నంత మాత్రాన కొంపలేమీ మునగవు.

ఒకవేళ సంతకం పెట్టేసి ఇంటికి వచ్చేసినా, ఫిర్యాదుకు గడువు ఒకటి ఉంటుంది. పని సంబంధం ముగిసిన రోజు నుంచి రెండేళ్లు. 2024కు ముందు ఇది ఒక్క ఏడాదే. కానీ ఆ సంతకం ఎందుకు పెట్టారో, డబ్బు నిజంగా రాలేదని ఎలా చూపిస్తారో మీరే చెప్పుకోవాలి. అప్పుడు కార్డు స్టేట్‌మెంట్, వాట్సాప్ మెసేజ్‌లే మీకు దిక్కు.

ఫిర్యాదు పెడితే పనిలోంచి తీసేస్తారని భయం కూడా చాలామందికి ఉంది. మోహ్రేకు నిజమైన ఫిర్యాదు పెట్టినందుకు తీసేస్తే అది చట్ట విరుద్ధం, మూడు నెలల జీతం వరకు పరిహారం కోర్టు ఇవ్వొచ్చు. తీసేస్తూ పంపిన మెసేజ్‌ను కూడా దాచండి.

ఈ దారి ఎవరికి వర్తించదు?

ఫ్రీజోన్ కంపెనీల్లో ఉన్నవాళ్లు ముందు ఆ ఫ్రీజోన్ వాళ్ల ఆఫీసులో ఫిర్యాదు చేయాలి, తర్వాత కోర్టు. మీ వీసా ఏ ఫ్రీజోన్ పేరుతో ఉందో చూసుకోండి. ఇళ్లలో పనిచేసేవాళ్లకు మోహ్రేయే దారి. వాళ్ల జీతం గడువు దాటి పది రోజుల్లోపు రావాలి. కడప, రాయచోటి, కోనసీమ వైపు నుంచి వచ్చిన అక్కలు ఎక్కువగా ఇళ్లలో ఉంటారు, ఫోన్ కూడా యజమానురాలి చేతిలో ఉండొచ్చు. అలాంటప్పుడు ఇంటి నుంచి పిల్లలో భర్తో మదద్ ద్వారా పెట్టే ఫిర్యాదే ముందు పనికొస్తుంది. విజిట్ వీసా మీద వచ్చి పని చేస్తున్నవాళ్లకు కాంట్రాక్టు, లేబర్ కార్డు ఉండవు. వాళ్లు మోహ్రేకు ఫోన్ చేసే ముందు సహాయతా కేంద్రం వకీలుతో మాట్లాడటం మంచిది.

ఈ రాత్రి గదికి వెళ్లాక రెండు పనులు చేయండి. కాంట్రాక్టు తెరిచి బేసిక్ ఎంతో రాసుకోండి. పాస్‌పోర్ట్ మొదటి, చివరి పేజీల ఫొటో మీ ఫోన్లో ఉందో లేదో చూడండి. లేకపోతే ఇంటికి ఫోన్ చేసి జిరాక్స్ పంపమనండి. మీ కేసులో ఏదైనా చిక్కు ఉంటే ఎప్పటిలాగే వాయిస్ మెసేజ్ పెట్టండి, కంపెనీ పేరు, మీ పేరు చెప్పకుండా. వచ్చే ఎపిసోడ్‌లో సెలవు మీద ఊరికి వెళ్లి తిరిగి రాలేకపోయిన వాళ్ల గ్రాట్యుటీ గురించి మాట్లాడుకుందాం.